40 ఆర్డర్లు పంపితే చేతికొచ్చింది 8,241. మిగతా డబ్బు ఎటు పోయింది?

నవ్య_బెడ్‌షీట్స్

అందరికీ నమస్తే. ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో కాటన్ డబుల్ బెడ్‌షీట్లు అమ్ముతున్నాను, రెండు దిండు గలీబులతో సెట్టు. ధర 630, అందులోనే 5 శాతం జీఎస్టీ. పోయిన నెల 40 ఆర్డర్లు పంపాను. చేరేటప్పుడు కమిషన్ 12 శాతం అన్నారు. మొత్తం 25,200లో 12 శాతం తీసేస్తే 22,176 రావాలి. బ్యాంకులో పడింది 8,241. కొన్ని రిటర్నులు వచ్చిన మాట నిజమే, కానీ సగానికి సగం కూడా చేతికి రాకపోవడం ఏంటి? సపోర్టుకు రాస్తే "మీ సెటిల్‌మెంట్ సరిగ్గానే ఉంది" అని ఒక్క లైను పంపారు. ఎక్కడ చూడాలో కూడా తెలియట్లేదు.

కొత్తసెల్లర్_వంశీ

బ్యాంక్ వెరిఫికేషన్ అయిందా మేడమ్? నాకూ ఇలాగే మొదటి పేమెంట్ ఆగిపోయింది. ఖాతాలో పేరు, పాన్ కార్డులో పేరు ఒకటి కాకపోతే డబ్బు హోల్డులో పెడతారు. పేరు మార్పించుకున్నాక వచ్చేసింది.

నవ్య_బెడ్‌షీట్స్

ఆగిపోలేదండీ, వచ్చింది. తక్కువ వచ్చింది. అదే నా బాధ.

శివ_ఆన్‌లైన్

ఇందులో కొత్తేముంది. టీసీఎస్ 1 శాతం, టీడీఎస్ 1 శాతం ముందే కోసేస్తారు. పైన ఫీజులన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. గవర్నమెంటే సగం పట్టుకుపోతుంది. ఇంకా క్లోజింగ్ ఫీజు అని ఒకటుంది, అది రేట్ కార్డులో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చెప్పరు. నా సలహా ఏంటంటే సింగిల్ పీసులు మానేసి రెండు సెట్లు కాంబో పెట్టండి. క్లోజింగ్ ఫీజు ఒక్కసారే పడుతుంది.

లెక్కల_బాబాయ్

శివా, ఆ రేట్లు పాతవి. టీసీఎస్ 2024 జూలై 10 నుంచి అర శాతమే. టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. క్లోజింగ్ ఫీజు, ఫీజుల మీద 18 శాతం మాత్రం నువ్వన్నట్టే ఉన్నాయి. కాకపోతే నవ్య గారికి తేడా 13,900 పైన ఉంది, అంత సొమ్ము వీటివల్ల పోదు.

నవ్య గారూ, సెల్లర్ ప్యానెల్లో పేమెంట్స్ కింద సెటిల్‌మెంట్ రిపోర్ట్ ఉంటుంది. పైన కనిపించే మొత్తాల పేజీ వద్దు, ఆర్డర్ వారీగా వరసలు ఉండే ఎక్సెల్ ఫైలు దించుకోండి. రిటర్నుల రిపోర్ట్ కూడా విడిగా దించండి. ముందు మూడు సంగతులు చెప్పండి. ఒకటి, 40లో కస్టమర్ దగ్గరే నిలిచినవి ఎన్ని. రెండు, వెనక్కొచ్చిన వాటిలో డెలివరీ కాకుండానే తిరిగొచ్చినవి ఎన్ని, కస్టమర్ తీసుకుని తర్వాత పంపేసినవి ఎన్ని. మూడు, ఏ గొడవా లేకుండా అమ్ముడైన ఒక్క ఆర్డర్‌కి వరస మొత్తం ఇక్కడ పెట్టండి.

నవ్య_బెడ్‌షీట్స్

చూశాను బాబాయ్ గారూ. 29 నిలిచాయి. డెలివరీ కాకుండానే తిరిగొచ్చినవి, అంటే రిపోర్టులో ఆర్టీఓ అని ఉన్నవి, 5. 6 కస్టమర్ రిటర్న్. బాగా అమ్ముడైన ఒక ఆర్డర్ ఇలా ఉంది:

అమ్మకం ధర 630.00
కమిషన్ 75.60
క్లోజింగ్ ఫీజు 30.00
షిప్పింగ్ ఫీజు 65.00
ఫీజుల మీద జీఎస్టీ 30.71
టీసీఎస్ 3.00
టీడీఎస్ 0.60
చెల్లింపు 425.09

అంటే మంచి ఆర్డర్ మీదే 205 పోతోంది. షిప్పింగ్ కస్టమర్ కడతాడు అనుకున్నాను, లిస్టింగ్‌లో ఫ్రీ డెలివరీ అని ఉంటే.

లెక్కల_బాబాయ్

కస్టమర్‌కి ఫ్రీ అంటే ఎవరో ఒకరు కట్టాలి కదమ్మా, ఆ కట్టేది మీరే.

ఇప్పుడు ఈ వరసనే చూద్దాం. 12 శాతం అన్నది 75.60 మాత్రమే. కమిషన్, క్లోజింగ్, షిప్పింగ్ మూడూ కలిస్తే 170.60, అంటే ధరలో 27 శాతం. క్లోజింగ్ ఫీజు ధరను బట్టి శాతంగా పెరగదు, ధర ఏ స్లాబులో ఉంటే ఆ స్లాబుకి ఒక స్థిర మొత్తం. 630 వస్తువుకీ 30, అదే స్లాబులో ఉన్న 950 వస్తువుకీ 30. అందుకే స్లాబులో కింది అంచున ఉన్న ధరలకి దాని దెబ్బ ఎక్కువ తగులుతుంది.

మీ అంచనా మొదట తప్పిపోయింది ఇక్కడ కాదు. వెనక్కొచ్చిన 11 ఆర్డర్లు అసలు అమ్మకాలే కావు. వాటికి కూడా మీరు ఒక్కోదానికి 554.40 లెక్కేసుకున్నారు. అక్కడే 6,098 తేడా పోయింది. ఇంకా, ఆ 29లో ఈ సెటిల్‌మెంట్‌కి అందినవి ఎన్ని? నెలాఖరులో డెలివరీ అయినవి తర్వాతి చెల్లింపులో వస్తాయి. రిపోర్టులో ఆర్డర్ నంబర్లను మీ డిస్పాచ్ లిస్టుతో సరిపోల్చండి, లేనివి పక్కన పెట్టండి.

పద్మజ_చీరలు

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. నాకు వచ్చే రిటర్నుల్లో నేను పంపిన చీర కాకుండా పాత చీర పెట్టి పంపుతున్నారు. ప్యాకెట్ ఓపెన్ చేసేటప్పుడు వీడియో తీశాను, లేబుల్ కనపడేలా. క్లెయిమ్ వేస్తే గడువు దాటింది అన్నారు. కొరియర్ అబ్బాయి డెలివరీ అని నొక్కిన రోజు నుంచి లెక్క అట. వాడు నొక్కిన రెండు రోజులకి గానీ ప్యాకెట్ నా చేతికి రాలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

లెక్కల_బాబాయ్

పద్మజ గారూ, ప్యాకెట్ తీసుకున్నట్టు మీ సంతకమో ఓటీపీనో ఉంటుంది, దాని తేదీ సమయం చూపించమని టికెట్‌లో అడగండి. ఓటీపీ లేకుండా డెలివరీ నొక్కి ఉంటే మీ పక్షాన బలం ఉంటుంది. విడిగా ఒక పోస్టు పెట్టండి, ఇందులో కలిస్తే రెండూ పాడవుతాయి.

నవ్య_బెడ్‌షీట్స్

సరిపోల్చాను. 29లో 25కే డబ్బు వచ్చింది. 4 ఆర్డర్లు రిపోర్టులోనే లేవు, అవి నెల చివరి మూడు రోజుల్లో డెలివరీ అయినవి.

కస్టమర్ రిటర్న్ వరసల్లో మైనస్ 212.40 అని ఉంది, ఆరింటికీ అంతే. ఆర్టీఓ ఐదింటికీ సున్నా. ఇంకొకటి మాత్రం మైనస్ 637.49 ఉంది. ఆ ఆర్డర్ నంబరు ఈ నెలది కానే కాదు, అంతకు ముందు నెలది. అది చూసి భయమేసింది. వస్తువు ధర కంటే ఎక్కువ ఎలా కోస్తారు?

శివ_ఆన్‌లైన్

చూశారా, ధర 630 అయితే 637 కోశారు. దోపిడీ అంటే ఇదే. నాకు ఆర్టీఓకి కూడా షిప్పింగ్ కోస్తారు, వీళ్లకి సున్నా అంటున్నారు, ఏదో తేడాగా ఉంది.

లెక్కల_బాబాయ్

ఆర్టీఓ మీద నీ మాట కొట్టిపారేయను శివా. ఒక్కో ప్లాట్‌ఫామ్‌ది ఒక్కో పద్ధతి. నవ్య గారి దాంట్లో కస్టమర్ చేతికి చేరని సరుక్కి ఫీజులు మొత్తం వెనక్కి వేసినట్టుంది. 637 మాత్రం దోపిడీ కాదు. చూడండి.

కస్టమర్ రిటర్న్ 212.40 ఎలా వచ్చింది? క్లోజింగ్ 30, వెళ్లేటప్పటి షిప్పింగ్ 65, తిరుగు షిప్పింగ్ 85 అయ్యుండాలి. కలిపితే 180, దానిమీద 18 శాతం 32.40. మొత్తం 212.40. కమిషన్ వెనక్కి ఇచ్చారు, క్లోజింగ్ ఫీజు ఇవ్వలేదు. రిటర్న్ అయినప్పుడు క్లోజింగ్ ఫీజు తిరిగిస్తారా లేదా అన్నది మీ రేట్ కార్డులో ఉంటుంది, అది చదివి ధ్రువీకరించుకోండి.

ఇక పాత నెల ఆర్డర్. అది అమ్ముడైందని అప్పట్లో మీకు 425.09 ఇచ్చేశారు. తర్వాత కస్టమర్ వెనక్కి పంపాడు. ఇచ్చిన 425.09 తిరిగి తీసుకున్నారు, పైన రిటర్న్ ఖర్చు 212.40 వేశారు. కలిపితే 637.49. ఆ ఆర్డర్ మీద మీకు నిజంగా పోయింది 212.40 మాత్రమే, మిగతాది ఆ ముందు నెలలోనే మీకు అందిన డబ్బు. అందుకే బ్యాంకులో పడ్డ మొత్తాన్ని నెల అమ్మకాలతో పోలిస్తే ఎప్పటికీ కలవదు. ఆర్డర్ నంబరు ఒక్కటే నమ్మదగ్గ తాడు, ఆ ఆర్డర్‌కి ఏ సెటిల్‌మెంట్‌లో ఎంత వచ్చిందో ఎంత పోయిందో అన్నీ ఒక వరసలోకి తెచ్చుకోవాలి. ఎక్సెల్‌లో ఇలా వేస్తే చాలు, మీ లిస్టు A2లో ఒక ఆర్డర్ నంబరు, Settlement షీటులో A నిలువు వరసలో ఆర్డర్ నంబర్లు, హెచ్‌లో మొత్తాలు ఉన్నాయనుకుంటే:

```
=SUMIF(Settlement!A:A, A2, Settlement!H:H)
```

ఇప్పటిదాకా లెక్క: 25 ఆర్డర్లకి 10,627.25. అందులో ఆరు రిటర్నుల 1,274.40, పాత ఆర్డర్ 637.49 తీసేస్తే 8,715.36 ఉండాలి. మీకు పడింది 8,241. ఇంకా 474.36 ఎక్కడో ఉంది. డబ్బు వచ్చిన ఆ 25లో అన్నీ 425.09 ఉన్నాయా?

నవ్య_బెడ్‌షీట్స్

లేవు! 9 ఆర్డర్లలో 392.05 ఉంది. మొదటి వరస చూసి అన్నీ అంతే అనుకున్నాను. వాటిలో షిప్పింగ్ 65 బదులు 93 వేశారు. బరువు దగ్గర "1 నుంచి 1.5 కిలో" అని ఉంది. నా సెట్టు ప్యాకింగ్‌తో సహా 900 గ్రాములు, తూకం వేసే పంపుతాను.

లెక్కల_బాబాయ్

ఒక్కోదానికి 28, దానిమీద జీఎస్టీతో 33.04. తొమ్మిదింటికి 297.36.

ప్యాకెట్ కొలతలు ఎంత? పొడవు, వెడల్పు, ఎత్తు.

నవ్య_బెడ్‌షీట్స్

32, 26, 5 సెంటీమీటర్లు. పాలీ కవర్లో పంపుతాను, అట్టపెట్టె కాదు.

రఫీ_వేర్‌హౌస్

నేను కొరియర్ హబ్‌లో పనిచేసినవాణ్ని, ఇది నాకు తెలిసిన గొడవే. తూకంలో ఎంత ఉందో ఒక్కటే చూడరు మేడమ్. బెల్టు మీద పోతుంటే కెమెరా మూడు కొలతలూ తీస్తుంది. ఆ మూడూ గుణించి 5,000తో భాగిస్తారు, వచ్చింది కిలోల్లో వాల్యూమ్ బరువు. తూకం, ఇది, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జి. మీ ప్యాకెట్ 5 సెంటీమీటర్ల ఎత్తుంటే 0.83 కిలో, కిలో లోపు స్లాబే. కానీ పాలీ కవర్లో గాలి ఉండిపోతే మధ్యలో దిండులా ఉబ్బుతుంది. కెమెరా ఎత్తైన చోటే పట్టుకుంటుంది. అది 7 అయిందంటే 1.16 కిలో, పై స్లాబులోకి వెళ్లిపోయినట్టే. ఒకే సరుకు కొన్నిసార్లు కింద స్లాబులో, కొన్నిసార్లు పైన పడుతోందంటే కారణం దాదాపు ఇదే.

సీలు వేసే ముందు ప్యాకెట్ మీద అరచేత్తో గట్టిగా నొక్కి గాలి తీసేయండి, నడుముకి అడ్డంగా ఒక టేపు చుట్టండి. మీ గదిలో 5 ఉన్నది లారీలో, బస్తాల మధ్య దొర్లాక 5గానే ఉండాలి, అది ముఖ్యం. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి, ఆర్డర్ లేబుల్ కనపడేలా. బరువు వివాదం వేయడానికి అదే అడుగుతారు.

శివ_ఆన్‌లైన్

నేను ఎప్పుడూ కొలతలు చూసుకోలేదు. 5,000 అనేది అందరికీ ఒకటేనా?

రఫీ_వేర్‌హౌస్

నేను పనిచేసిన చోట 5,000. మీ షిప్పింగ్ పాలసీ పేజీలో ఏం రాశారో అదే మీకు లెక్క అన్నా.

లెక్కల_బాబాయ్

ధన్యవాదాలు రఫీ, ఇది నాకు ఫైల్లో కనపడే విషయం కాదు.

నవ్య గారూ, 474.36లో 297.36 దొరికింది. ఇంకా సరిగ్గా 177 మిగిలింది. 150కి 18 శాతం కలిపితే 177. ఏదో స్థిర ఫీజు వాసన వస్తోంది. ఫైల్లో ఆర్డర్ నంబరు లేని వరస ఉందేమో చూడండి.

నవ్య_బెడ్‌షీట్స్

ఉంది. "ఇతర సర్వీస్ ఫీజు" 150, జీఎస్టీ 27. దేనికో రాయలేదు. ప్రకటనలు నేను పెట్టలేదు.

లెక్కల_బాబాయ్

దాన్ని వదలొద్దు. ఫీజు తీసుకున్న ప్రతిదానికీ ప్లాట్‌ఫామ్ మీ పేరున ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వాలి. ఆ నెల ఇన్వాయిస్‌లో ఈ 150 ఏ పేరుతో ఉందో చూడండి, మీ జీఎస్టీఆర్-2బిలో కూడా రావాలి. లేకపోతే "ఈ ఫీజు ఇన్వాయిస్ నంబర్ ఇవ్వండి" అని అడగండి. "ఎందుకు కోశారు" అని అడిగితే రెడీమేడ్ జవాబు వస్తుంది, ఇన్వాయిస్ నంబరు అడిగితే వెతకాల్సి వస్తుంది.

ఇంకొక పరీక్ష. ఆ ఆరు కస్టమర్ రిటర్నుల్లో డెలివరీ తేదీ అన్నిటికీ ఉందా? తేదీ ఖాళీగా ఉండి కూడా కస్టమర్ రిటర్న్ అని వేశారంటే, అది నిజానికి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన ఆర్టీఓ. దానికి 212.40 కోయకూడదు.

నవ్య_బెడ్‌షీట్స్

ఒకదానికి తేదీ లేదు! ప్యాకెట్ కూడా నేను వేసిన సీలుతోనే వచ్చింది, గుర్తుంది. మిగతా ఐదూ విప్పి మడత చెదిరి వచ్చాయి. ఆ ఐదింట్లో నాలుగింటికి కారణం "సైజు చిన్నది" అని ఉంది.

పద్మజ_చీరలు

లిస్టింగ్‌లో డబుల్ అని మాత్రమే రాశారా, అంగుళాలు రాశారా? కింగ్ సైజు మంచం ఉన్నవాళ్లు డబుల్ అంటే సరిపోతుందనుకుంటారు. మా అక్క అలాగే కొని వెనక్కి పంపింది.

నవ్య_బెడ్‌షీట్స్

అంగుళాలు వివరణలో ఎక్కడో కింద ఉన్నాయి, 90కి 100. ఫొటోలో మాత్రం పెద్ద మంచం మీద పరిచి తీశాను.

శివ_ఆన్‌లైన్

మొదటి ఫొటో మీదే సైజు రాయండి. అది సరే, కాంబో సంగతి ఎవరూ మాట్లాడలేదు.

లెక్కల_బాబాయ్

మాట్లాడదాం. రెండు సెట్లు కలిపితే ధర వెయ్యి దాటుతుంది, క్లోజింగ్ ఫీజు పై స్లాబులోకి వెళ్తుంది. ఎత్తు 10 సెంటీమీటర్లు అయితే వాల్యూమ్ బరువు 1.66, షిప్పింగ్ కూడా రెండు స్లాబులు పైకి. రెండు సింగిల్స్ ఫీజుల కంటే తక్కువే కావచ్చు, కానీ ఒక సెట్టు నచ్చకపోతే రెండూ వెనక్కొస్తాయి. రేట్ కార్డులో మూడు అంకెలూ చూశాకే చెప్పగలం. నవ్య గారి రిటర్నులు తగ్గకుండా నేనైతే పెట్టమనను.

నవ్య గారూ, అసలు మిగులుతోందా లేదా అని ఎవరూ అడగలేదు. సెట్టు మీకు ఎంతకి పడుతుంది?

నవ్య_బెడ్‌షీట్స్

జీఎస్టీ కాకుండా 310. ప్యాకింగ్ 14.

లెక్కల_బాబాయ్

పన్నులు పక్కన పెట్టి చూస్తే సులువు. ఫీజుల మీద కట్టిన 30.71 మీకు ఇన్‌పుట్ క్రెడిట్, సెట్టు అమ్మకం మీద మీరు కట్టాల్సిన 30కి అది సరిపోతుంది. టీసీఎస్ 3 రూపాయలు జీఎస్టీ పోర్టల్‌లో "టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్" అనే చోట అంగీకరించి ఫైల్ చేస్తే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున కనపడుతుంది. శివ భయపడ్డ ఈ రెండూ కలిపి 29 ఆర్డర్లకి 104 రూపాయలు, అవీ మీవే.

కాబట్టి 630లో జీఎస్టీ పోను 600లోంచి 170.60 తీస్తే 429.40. ఆరు రిటర్నుల ఖర్చు జీఎస్టీ కాకుండా 1,080, దాన్ని నిలిచిన 29 మీద పంచితే ఒక్కోదానికి 37. వృథా అయిన పదకొండు ప్యాకింగులు మరో 5. సరుకు, ప్యాకింగ్ 324 పోతే ఒక సెట్టు మీద మిగిలేది 62, 63 రూపాయలు. విప్పి వచ్చిన సెట్లు మళ్లీ కొత్తవిగా అమ్ముడైతేనే ఈ మాట.

అదే 40 ఆర్డర్లలో కస్టమర్ రిటర్నులు ఆరు కాక పన్నెండు అయ్యాయనుకోండి, మిగతావన్నీ ఇలాగే ఉన్నా సెట్టుకి మిగిలేది ఒక్క రూపాయి. కమిషన్ తగ్గించమని బతిమాలడం కంటే ఆ సైజు ఫొటో ముందు మార్చండి. ధర 35 పెంచినా జీఎస్టీ, కమిషన్ పోను 29 మిగులుతుంది, అది రెండో మాట.

కొత్తసెల్లర్_వంశీ

నాకు జీఎస్టీ నంబరే లేదు, మా రాష్ట్రంలోనే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముతున్నాను. నాకు 18 శాతం వెనక్కి రాదా?

లెక్కల_బాబాయ్

రాదు నాయనా. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అది నీకు పూర్తి ఖర్చే. టీసీఎస్ మాత్రం నీ దగ్గర కోయరు.

నవ్య_బెడ్‌షీట్స్

కొత్త కబురు. తేదీ లేని రిటర్న్ ఒప్పుకున్నారు, 212.40 తర్వాతి సెటిల్‌మెంట్‌లో వేస్తామన్నారు. బరువు వివాదాల్లో తొమ్మిదింటికీ ఫొటో అడిగారు, నా దగ్గర ఒక్కదానికీ లేదు, కొట్టేశారు. ఈ వారం నుంచి గాలి తీసి టేపు చుట్టి పంపుతున్నాను, ఫొటోలు కూడా తీస్తున్నాను. 4 పాత ఆర్డర్ల డబ్బు వచ్చింది, నాలుగూ 425.09.

ఇన్వాయిస్ దించి చూశాను. కమిషన్, క్లోజింగ్, షిప్పింగ్ ఉన్నాయి, ఆ 150 ఎక్కడా లేదు. ఇన్వాయిస్ నంబరు అడుగుతూ టికెట్ మళ్లీ తెరిచాను. "సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు.

శివ_ఆన్‌లైన్

నా ఫైల్లోనూ వెతికా. అదే పేరుతో 150 ఉంది, మూడు నెలలుగా. ఇప్పుడే చూస్తున్నాను. నేనూ టికెట్ వేస్తున్నా, మీది ఏమన్నారో ఇక్కడ రాయండి.